మడత లోపలి పదకొండు రోజులు

గద్వాలలో వెంకట్రాములు ఇంట్లో మగ్గం ఉన్న గదికీ, కూతురు ప్రణీత ల్యాప్‌టాప్ పెట్టుకున్న గదికీ మధ్య తలుపు లేదు. పాత దుప్పటి ఒకటి తెరలా వేలాడుతుంది. అందువల్ల ఆమెకు ఇంటర్వ్యూ ఉన్న ప్రతిసారీ ఇంటిల్లిపాదీ మగ్గం దిగి కూర్చోవలసిందే. ఏడు నెలల్లో మూడుసార్లు దిగారు. మూడుసార్లూ తేలిపోయింది, నాలుగోది ఈ శుక్రవారం.

ప్రణీతకు ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేసింది. కంపెనీ ఆమె పనిచేసే విభాగాన్ని మూసేస్తే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చింది. కోడ్ రాసే పరీక్షల్లో ఎక్కడా తప్పలేదు. తప్పిందల్లా ఒక్కచోటే. "మీరు ఇదివరకు చేసిన ప్రాజెక్టు ఒకటి మాకు పరిచయం చెయ్యండి" అంటారు. ఈమె చెబుతుంది. వాళ్లు మర్యాదగా తలూపుతారు, మళ్లీ ఫోను రాదు. మూడుసార్లూ అదే తంతు. గట్టి పిల్ల కాబట్టి ఏడవలేదు గానీ, ఒంటరిగా ఉన్నప్పుడు తన మీద తనకే ఒళ్లు మండేది.

ఈసారి కంపెనీ వాళ్లు సోమవారం మెయిల్ పెట్టారు. శుక్రవారం పదకొండు గంటలకు వీడియో కాల్, పదిహేను నిమిషాల ప్రెజెంటేషన్, తర్వాత అరగంట ప్రశ్నలు. ఏమేం చెప్పబోతున్నారో ఒక పేజీలో వరుసగా రాసి బుధవారం సాయంత్రంలోగా పంపాలి. ఆ కంపెనీ ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తల కోసం యాప్‌లు తయారు చేస్తుంది. ప్రణీత చివరి ప్రాజెక్టు కూడా సరిగ్గా అదే. ఇంతకన్నా తనకు అతికినట్టు సరిపోయే ఉద్యోగం ఇంకోటి రాదని ఆమెకు తెలుసు. ఇదీ పోతే హైదరాబాద్ ఆశ వదులుకుని ఊళ్లోనే ఏ కంప్యూటర్ సెంటర్‌లోనో పాఠాలు చెప్పుకోవాలి.

మంగళవారం పొద్దున్నే బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరింది. అక్కడ జితేందర్ ఉంటాడు. ఆమె మొదటి ఉద్యోగంలో సీనియర్, సొంతూరు కల్వకుర్తి. ఇప్పుడు ఇంటి నుంచే పనిచేస్తూ, తన కంపెనీ కోసం వారానికి ఇద్దరు ముగ్గురిని ఇంటర్వ్యూ చేస్తుంటాడు. మనిషి మంచివాడే, నోరే కాస్త కటువు. నచ్చనిది నచ్చలేదని మొహం మీదే అనేస్తాడు, ఆ తర్వాత చాయ్ పోస్తాడు.

ప్రణీత కాగితం ఇచ్చింది. మొదట కంపెనీ పరిచయం. తర్వాత వాడిన సాంకేతికతల పేర్లు పదిహేడు. తర్వాత మొత్తం వ్యవస్థ బొమ్మ, దానిలో ఇరవైకి పైగా డబ్బాలు, వాటి మధ్య బాణాలు. తర్వాత యాప్ చేసే పనులు. ఏడో వరుసలో "సమాచారం చేరవేతలో వచ్చిన సమస్యల పరిష్కారం" అని ఒక ముక్క. చివర ఫలితాలు, ధన్యవాదాలు.

జితేందర్ రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు.

"ఇండ్ల నువ్వేడున్నవ్?"

"అంటే?"

"ఈ బొమ్మల ఇన్ని డబ్బాలున్నయ్ గదా. నువ్వు చేసింది ఏది?"

ఆమె రెండు డబ్బాలు చూపించింది. ఫోన్‌లో నమోదైన వివరాలను సర్వర్‌కు పంపే భాగం తనది. మిగిలినవి తక్కిన ముగ్గురివి.

"మరి రెండు డబ్బాల పిల్ల ఇరవై డబ్బాలు ఎందుకు మోస్తున్నది? సరే, ఈ ఏడో లైన్. సమస్యలంటే ఏం సమస్యలు?"

"చిన్నవే అన్నా. నెట్‌వర్క్ సరిగ లేక కొన్ని ఎంట్రీలు రెండుసార్లు పడ్డయ్. సరిచేసినం."

"ఎట్ల తెల్సింది రెండుసార్లు పడ్డయని?"

"ఒక కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది."

"చెప్పంగనే ఏం చేసినవ్?"

ప్రణీత కిటికీలోంచి బయటికి చూసింది. ఇంటర్వ్యూ చేసేవాడికి ఆ చూపు చాలు.

"నేను గిన్ని ఏండ్ల నుంచి అడుగుతున్న. అందరు గిట్లనే ఒక్క లైన్ల పెట్టి ఉరుకుతరు. ఉరికిన తాననే మేం ఆగుతం. ఆ మూడు కంపెనీలోళ్లు గూడ గాడనే ఆగిండ్రు, రాసిస్త. అండ్ల ఏముందో నాకు చెప్పకు. నువ్వైతే రాసుకో. రోగుల పేర్లు, కంపెనీ కోడ్ మాత్రం పెట్టకు, అది తప్పు."

"అది చెప్తే ఉద్యోగం ఎవరిస్తరన్నా?" అంది ప్రణీత, గొంతులో కోపం దాచుకోకుండానే.

"చెప్పకుంటే మూడుసార్లు ఏమిచ్చిండ్రు?" అని చాయ్ ముందుకు జరిపాడు.

తిరుగు బస్సులో ఆమె కాగితం తియ్యలేదు. అతడి మీద కోపం. పెబ్బేరు వచ్చేసరికి ఆ కోపం తన మీదికి తిరిగింది. ఎందుకంటే ఆ ఏడో లైన్‌లో ఏముందో ఆమెకు తెలుసు.

అందులో సుగుణమ్మ ఉంది.

గోపాల్‌పేట మండలంలో ఒక చిన్న ఊరి ఆరోగ్య కార్యకర్త సుగుణమ్మ. యాభై దాటిన మనిషి. ఇంటింటికీ తిరిగి బీపీ చూసి, నెలకు సరిపడా మాత్రలిచ్చి, ఫోన్‌లో నమోదు చేసేది. రెండేళ్ల కింద ఒకరోజు ఆఫీసుకు ఫోన్ చేసి, "నేను ఒక్కసారే ఇచ్చిన. మీ యాప్ రెండుసార్లు ఇచ్చిన అంటున్నది" అంది. ఫోన్ తీసింది ప్రణీత. రెండు నమోదుల మధ్య నాలుగు నిమిషాల తేడా కనిపించింది. స్క్రీన్ మెల్లగా ఉందని ఈమే మళ్లీ నొక్కి ఉంటుందని తేల్చేసి, "మీరు రెండుసార్లు నొక్కిండ్రమ్మా, జర చూసి నొక్కుండ్రి" అని పెట్టేసింది. ఆ సాయంత్రమే, ఒకసారి నొక్కగానే బటన్ పనిచెయ్యకుండా మార్చేసి సమస్య తీరిందని రాసేసింది.

తీరలేదు. సుగుణమ్మ మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. పదకొండు రోజులు. ప్రతిసారీ ప్రణీత అదే మాట. చదువుకున్న అహంకారం ఎంత మెత్తగా మాట్లాడుతుందో ఆ ఫోన్లు వింటే తెలిసేది. యాప్ లెక్క ప్రకారం లింగయ్య అనే ముసలాయనకు రెండు నెలల మాత్రలు ముట్టాయి కాబట్టి, తర్వాతి నెల ఇవ్వొద్దని తెర మీద వచ్చేది. సుగుణమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. యాప్ వచ్చాక పారెయ్యమన్న ఎర్ర అట్ట నోటుబుక్కు చూసి ఇచ్చింది. లేకపోతే ఆ ముసలాయన నెలంతా బీపీ మాత్రలు లేకుండా ఉండేవాడు.

పన్నెండో రోజు సుగుణమ్మకు ఓపిక నశించింది. "ఫోన్ల కాదు, నువ్వే వచ్చి చూడు" అంది. ప్రణీత వెళ్లింది, పక్కన నిలబడి చూసింది. సుగుణమ్మ ఒక్కసారే నొక్కి ఫోన్ సంచిలో వేసుకుంది. ఊరి వెనక మిట్ట దిగగానే సిగ్నల్ పోయింది. వివరాలు సర్వర్‌కు చేరాయి, కానీ "అందింది" అన్న జవాబు ఫోన్‌కు తిరిగి రాలేదు. జవాబు రాలేదు కాబట్టి, సిగ్నల్ దొరకగానే ఫోన్ తనంతట తానే మళ్లీ పంపింది. సర్వర్ దాన్ని కొత్తదనుకుని రాసుకుంది. బటన్‌కూ దీనికీ సంబంధమే లేదు. జవాబు రాకపోతే మళ్లీ పంపమని రాసింది ఎవరో కాదు, ప్రణీతే.

ఆ మిట్ట మీద నిలబడి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. అయినా "తప్పు నాదే" అన్న మాట మాత్రం నోట రాలేదు. సరిచేస్తానని చెప్పి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. మగ్గం మీంచి చీర అప్పుడే దిగింది. నూలు నేతకు పట్టు అంచు వేరుగా నేస్తూ, పోగు పోగుకూ రెంటినీ అతికిన చీర అది. వెంకట్రాములు ఒక పక్క, భార్య జోగమ్మ ఇంకో పక్క కూర్చుని పది రోజులు నేశారు.

"కాళ్లు కడుక్కొని రా, మడత పెడదాం" అంది జోగమ్మ.

మడత పెట్టడం ప్రణీతకు ఎనిమిదేళ్ల వయసు నుంచి వచ్చిన పని. తల్లి ఒక చివర, తను ఒక చివర పట్టుకుంది. నడుమ ఒకచోట పోగు తెగి అతికిన జాడ సన్నగా కనిపిస్తోంది. ప్రణీత చెయ్యి ఆలోచించలేదు. ఆ జాడ లోపలి మడతలోకి పోయేలా చీరను అలవోకగా తిప్పేసింది. పైకి కొంగూ అంచూ మాత్రమే నిగనిగలాడుతూ మిగిలాయి.

తన చేతిని తనే చూసుకుని ఆగిపోయింది.

"ఏమైంది?" అంది జోగమ్మ.

"అమ్మా, ఇది ఎందుకు లోపల పెడ్తం మనం?"

జోగమ్మకు ప్రశ్నే వింతగా తోచింది. "ఏమో. మా అత్త గట్ల పెట్టేది, నేను గట్ల పెడ్తున్న. కొనేటాయన ఎట్లైనా మొత్తం విప్పి, తిరగేసి చూస్తడనుకో."

"మరి లోపల పెట్టి ఏం ఫాయిదా?"

మగ్గం దగ్గర తెగిన పోగులు ఏరుతున్న వెంకట్రాములు తలెత్తకుండానే విసుక్కున్నాడు. "నేను ఎన్నిసార్లు చెప్పిన మీ అమ్మకు. మనం చూపెడ్తే ఒక్కటి చూసి వోతడు. దాచిపెట్టినమని తెల్సిందంటే చీరంత వెతుకుతడు, లేనియి గూడ కనవడ్తయ్ ఆయనకు."

"నీ మాట అయినంక నా మాట ఉంటదా ఈ ఇంట్ల" అని జోగమ్మ చీర లాక్కుంది.

ప్రణీతకు వాళ్ల మాటలు వినిపించడం లేదు. మూడు కంపెనీల మనుషులూ ఒకరి తర్వాత ఒకరు గుర్తొచ్చారు. ఏడో లైన్ దగ్గర వాళ్లు అడిగిన ప్రశ్నలు, తను తప్పించుకున్న తీరు, ఆ తర్వాత తను నిజంగా బాగా చేసిన పనిని కూడా వాళ్లు అనుమానంగా చూసిన చూపులు. చీర మళ్లీ విప్పింది. అతికిన జాడ పైకి వచ్చేలా మడత పెట్టి తల్లి చేతికిచ్చింది. జోగమ్మ గొణిగింది గానీ మార్చలేదు.

బుధవారం పొద్దున్నే ముందు చేసిన పని సుగుణమ్మకు ఫోన్. ఆమెను అడక్కుండా ఆమె కథ చెప్పుకోవడానికి ప్రణీతకు ముఖం చెల్లలేదు.

"సుగుణమ్మక్కా, నేను ప్రణీతను. యాప్ ప్రణీతను."

"ఎట్లున్నవ్ బిడ్డా? మళ్లేమైంది యాప్‌కు?"

"యాప్ మంచిగుంది. అక్కా, నీకో మాట చెప్పాలె. ఆ పదకొండు రోజులు నువ్వు చెప్పింది నిజం. తప్పు నాది. నేను నిన్ను నమ్మలే."



"గిది చెప్పనీకె రెండేండ్లు వట్టెనా?" అంది సుగుణమ్మ. తిట్టినట్టూ లేదు, నవ్వినట్టూ లేదు. "అప్పుడు మా ఇంట్ల రెండు రోజులు అన్నం తినలే నేను. నాకే చాతనైతలేదేమో అనుకున్న."

ఏడు నెలలుగా ఏడవని పిల్ల ఆ ఒక్క మాటకు ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఇంటర్వ్యూలో ఈ సంగతి చెబుతానని, ఆమె పేరు ఎత్తవచ్చా అని అడిగింది.

"చెప్పుకో. నా పేరు చెప్తే నాకేమన్న నష్టమా? ఉన్నదున్నట్టు చెప్పు మరి."

ఆ తర్వాత పాత కాగితం చించి కొత్తది రాయడం మొదలుపెట్టింది. కంపెనీ పరిచయం తీసేసింది. పదిహేడు పేర్లలో తాను నిజంగా వాడిన నాలుగే ఉంచింది. మొదటి రెండు నిమిషాలు ఈ యాప్ ఎవరి చేతుల్లో, ఎలాంటి సిగ్నల్ ఉన్న ఊళ్లలో తిరుగుతుందో చెప్పడానికి. ఒక నిమిషం నలుగురి జట్టులో తన వంతు ఏదో చెప్పడానికి. మూడు నిమిషాలు ఎంట్రీలు రెండుసార్లు పడటం, తాను కార్యకర్తను తప్పుపట్టడం, బటన్ మార్చి చేతులు దులుపుకోవడం. ఈ వరుస రాయడానికి ఆమెకు గంట పట్టింది. "తప్పు జరిగింది" అని రాసి కొట్టేసి, "నేను తప్పు చేశాను" అని రాసింది.

తర్వాత మూడు నిమిషాలు మిట్ట దగ్గర కారణం ఎలా దొరికిందో. ఇంకో మూడు నిమిషాలు దాన్ని ఎలా బాగు చేసిందో, ఇరవై డబ్బాల బదులు ఫోన్, సర్వర్, వాటి మధ్య పోయే ఒక బాణం, తిరిగిరాని ఒక బాణం ఉన్న బొమ్మతో. ప్రతి నమోదుకూ ఫోన్‌లోనే ఒక గుర్తింపు సంఖ్య పుడుతుంది. అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ మళ్లీ రాసుకోదు, "అందింది" అని మాత్రం చెబుతుంది.

రెండు నిమిషాలు అప్పటికే పడిపోయిన జంట నమోదుల గురించి. అవి వెయ్యిన్నూట నలభై ఆరు. నమోదు సమయం ఫోన్‌లో కాక సర్వర్‌లో పడేది కాబట్టి, ఏది నకలో ఏది నిజంగా రెండోసారి వెళ్లి వచ్చిందో చూపుకు తెలియదు. గుడ్డిగా చెరిపెయ్యకుండా ఊళ్లకు వెళ్లి కార్యకర్తల నోటుబుక్కులతో పోల్చింది. పదిహేను నిజమైనవని తేలాయి. చెరిపేసి ఉంటే ఆ పదిహేను సందర్శనలూ లేనట్టే అయ్యేవి. చివరి నిమిషం, మళ్లీ మొదలుపెడితే ముందు ఏం చేస్తుందో. అక్కడ ఒక్క వాక్యమే రాసింది: "మొదటి ఫోన్ వచ్చిన రోజే ఊరికి వెళ్తాను."

అన్నీ కూడితే పదిహేను నిమిషాలు. సాయంత్రం ఐదింటికి పంపింది. పంపే బటన్ మీద వేలు ఆగింది, నిజమే. ఆగినా నొక్కింది.

శుక్రవారం పది ముప్పావుకు వెంకట్రాములు, జోగమ్మ మగ్గం దిగి అరుగు మీద కూర్చున్నారు. తెర మీద ఇద్దరు కనిపించారు. వంశీధర్ అక్కడ ఇంజనీర్ల బృందానికి పెద్ద. మాలతి ఊళ్లలో పనిచేసే వాళ్ల వ్యవహారాలు చూస్తుంది. ప్రణీత చెప్పడం మొదలుపెట్టింది. "నేను తప్పు చేశాను" అన్నచోట మాట మింగలేదు.

ప్రశ్నలు మొదలయ్యాయి. "ఒకే నమోదు కాపీలు రెండూ ఒకే క్షణంలో సర్వర్‌కు వస్తే? ఆ సంఖ్య ఇంకా లేదని రెండూ చూసుకుని, రెండూ రాసేస్తాయి కదా?" అన్నాడు వంశీధర్.

"మొదట అలాగే రాశాను సార్. పరీక్షించినప్పుడు అదే జరిగింది. అందుకే ముందు చూసి తర్వాత రాసే పద్ధతి మానేశాం. ఒక సంఖ్య రెండుసార్లు ఉండకూడదన్న నియమం డేటాబేస్‌లోనే పెట్టాం. రెండోది అక్కడే ఆగిపోతుంది, ఫోన్‌కు మాత్రం అందిందనే జవాబు వెళ్తుంది."

ఆయన తలూపాడు. ఇంతకుముందు మూడుచోట్ల చూసిన మర్యాద తలూపు కాదది. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు, దానికింకోటి. అరగంట అనుకున్నది యాభై నిమిషాలైంది. మాలతి మాత్రం చివరిదాకా ఏమీ అడగలేదు. కాల్ ముగిసే ముందు అంది:

"మీ గురించి అడగడానికి మీ పాత మేనేజర్ నంబర్ ఇచ్చారు. ఇంకొకరిది కూడా కావాలి. ఎవరిదిస్తారు?"

తనను పొగిడేవాళ్ల నంబర్లు రెండు మూడు ఫోన్‌లో ఉన్నాయి. జితేందర్‌ది ఉంది.

"సుగుణమ్మగారిది ఇస్తాను మేడం. ఒకసారి ఆమెను అడిగి పంపుతాను" అంది.

శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం మధ్యాహ్నం సుగుణమ్మ ఫోన్.

"బిడ్డా, హైదరాబాద్ నుంచి ఒక మేడం చేసింది. పావుగంట మాట్లాడింది."

ప్రణీత మంచం అంచున కూర్చుండిపోయింది. "ఏమడిగింది అక్కా?"

"ఆ పిల్ల మీ మాట వింటదా అనడిగింది."

"ఏం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన. ముందు వినలే మేడం, పదకొండు రోజులు నన్ను పరేషాన్ చేసింది అన్న. తర్వాత ఎండల వచ్చి మా మిట్ట మీద నిలవడ్డది, నా నోటుబుక్కు ముంగట వెట్టుకొని నాలుగు రోజులు కూసున్నది అన్న." ఆ వెంటనే తనే అడిగింది. "తప్పు చెప్పిన్నా బిడ్డా? జర తక్కువ చెప్పేదుండెనా?"

"లేదక్కా. మంచిగ చెప్పినవ్."

"ఆ మేడం గూడ గదే అన్నది. ఈ పిల్లను పనిల తీసుకుంటున్నం, మీ యాప్ గూడ ఇప్పుడు మేమే చూస్తున్నం, ఇగ ఈ పిల్లే మీ ఫోన్ ఎత్తుతది, మళ్ల వినకుంటే నాకు చెయ్యి అని ఆమె నంబర్ ఇచ్చింది. రాసి వెట్టుకున్న."

"ఏడ రాసినవ్ అక్కా?"

"ఏడ రాస్త? ఎర్ర నోటుబుక్కుల."